హెచ్‌-1బీ మీద ఉండగా రిటైర్‌మెంట్ పొదుపు: 401కె డబ్బు అక్కడ ఉంచాలా, తిరుపతికి తెచ్చుకోవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరులో సెలవుకు వచ్చి, కొండకెళ్లి దర్శనం చేసుకుని, తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు ట్యాక్స్ సంగతి గుర్తొచ్చేవాళ్లు తిరుపతిలో చాలామంది. వాళ్లు అడిగేవీ, చిత్తూరులోనో పుత్తూరులోనో ఉన్న వాళ్ల అమ్మానాన్నలు అడిగేవీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఇది అమెరికాలో హెచ్‌-1బీ మీద ఉద్యోగం చేస్తూ, గ్రీన్‌కార్డు వస్తుందో రాదో తెలియనివాళ్ల కోసం. 401కె అంటే జీతంలోంచి ట్యాక్స్‌కు ముందే కోసి కట్టే, అక్కడి కంపెనీల రిటైర్‌మెంట్ ఖాతా. గల్ఫ్ లెక్కలు పూర్తిగా వేరు, వాటి జోలికి పోవడం లేదు. డాలర్ల అంకెలన్నీ 2026 సంవత్సరానివి.

ఎప్పుడు పంపించేస్తారో తెలియని వీసా. అరవై ఏళ్లకు చేతికొచ్చే 401కెలో డబ్బు కట్టడం తెలివితక్కువ కాదా?

అందరూ మొదట అడిగేది ఇదే. భయంతో కాకుండా లెక్క వేసి చూస్తే జవాబు తేలిపోతుంది.

ఒక కుర్రాడిని తీసుకుందాం. పెళ్లి కాలేదు, జీతం ఏడాదికి 1,10,000 డాలర్లు. స్టాండర్డ్ డిడక్షన్ 16,100 పోగా అతని ఆఖరి డాలర్లు 22 శాతం శ్లాబులో పడతాయి. అతను 1,000 డాలర్లు 401కెలో కడితే ఆ ఏడాది ఫెడరల్ ట్యాక్స్ 220 తగ్గుతుంది. అంటే జేబులోంచి నిజంగా పోయింది 780 డాలర్లే. అతను కట్టినదాంట్లో సగం కంపెనీ తన వంతుగా వేస్తుందనుకుంటే, దీన్నే మ్యాచ్ అంటారు, ఇంకో 500 వచ్చి కలుస్తుంది. 780 పెడితే ఖాతాలో 1,500 ఉంటుంది.

ఇప్పుడు అందరూ భయపడేదే జరిగిందనుకుందాం. ఉద్యోగం పోయి, ఇండియాకు వచ్చేసి, అరవై దాకా ఆగకుండా మొత్తం తీసేశాడు. 59 ఏళ్ల 6 నెలలు నిండకముందు తీస్తే 10 శాతం పెనాల్టీ, అంటే 150. ఇక్కడికి వచ్చాక అమెరికాలో వేరే ఆదాయం లేదు కాబట్టి ట్యాక్స్ 10, 12 శాతం శ్లాబుల్లోనే పడుతుంది. 12 వేసుకుంటే 180. అవి పోగా చేతికి 1,170. పెట్టింది 780. పెరుగుదల ఏమీ లేకపోయినా, పెనాల్టీ కట్టి కూడా లాభమే.

కాబట్టి మ్యాచ్ వచ్చినంతవరకు కట్టండి. వీసా సంగతి ఎలా ఉన్నా ఈ మాట మారదు.

మా కన్సల్టెన్సీ మ్యాచ్ ఇవ్వదు. అప్పుడు కూడా కట్టాలా?

అదే లెక్క మ్యాచ్ లేకుండా వేయండి. 780 పెట్టారు, ఖాతాలో 1,000 ఉంది. ఇండియాకు వచ్చాక తీస్తే పెనాల్టీ 100, ట్యాక్స్ 120, చేతికి 780. అక్కడికక్కడ సరి. మధ్యలో వచ్చిన డివిడెండ్ల మీద ఏటా ట్యాక్స్ కట్టే పని తప్పింది, అంతవరకు లాభం. అదే ఉద్యోగంలో ఉండగానో, ఉద్యోగం మానేసిన ఏడాదిలోనో తీస్తే ట్యాక్స్ 22 శాతం పడుతుంది, పెనాల్టీతో కలిపి 320 పోయి చేతికి 680 వస్తుంది. అక్కడ నష్టపోయారు.

అంటే మ్యాచ్ లేకపోయినా 401కె చెడ్డదేం కాదు, తప్పు ఏడాదిలో తీయడం చెడ్డది. 2026లో ఉద్యోగి తన వైపు నుంచి కట్టగల గరిష్ఠం 24,500 డాలర్లు. అంత కట్టమని నేను చెప్పను. చెల్లి పెళ్లి, ఇంటి అప్పు, ఏజెంటుకు కట్టిన డబ్బు, ఇవన్నీ తీరాల్సి ఉన్నవాళ్లు ముందు అవి చూసుకోవాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు అమెరికాలోనే మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచుకున్నాకే ఇలాంటి వాటి గురించి ఆలోచించాలి. ఉద్యోగం పోతే హెచ్‌-1బీ మీద సాధారణంగా దొరికే గడువు 60 రోజులు. ఆ రోజుల్లో లాయరు ఫీజు, విమానం టికెట్లు, లీజు మధ్యలో వదిలేసినందుకు కట్టాల్సినవి అన్నీ ఒకేసారి మీద పడతాయి.

కంపెనీ మారితే మ్యాచ్ డబ్బు వెనక్కి తీసుకుంటారట, నిజమేనా?

కొంతవరకు నిజం. దీన్ని వెస్టింగ్ అంటారు. మీ జీతంలోంచి కట్టింది ఎప్పుడూ మీదే. కంపెనీ వేసింది మాత్రం కొన్నేళ్లు పనిచేస్తేనే మీదవుతుంది. చట్టం ప్రకారం కంపెనీలు రెండు దారుల్లో ఏదో ఒకటి పెట్టుకోవచ్చు: మూడేళ్లు నిండాక ఒకేసారి మొత్తం, లేదా రెండో ఏడాది నుంచి కొంచెం కొంచెంగా ఆరేళ్లకు మొత్తం. అంతకంటే ఆలస్యం చేయడానికి లేదు. రెండేళ్ల పది నెలలకు కొత్త ఆఫర్ వస్తే, సంతకం పెట్టేముందు ఖాతాలో ‘Vested balance’ అని కనిపించే అంకె చూసుకోండి. రెండు నెలలు ఆగితే కొన్ని వేల డాలర్లు మిగలొచ్చు. కొత్త కంపెనీ వాళ్లను చేరే తేదీ జరపమని అడగడం తప్పేం కాదు.

వచ్చేసేటప్పుడు మొత్తం తీసుకుని ఇక్కడ ఇల్లు కట్టుకుంటే పోదా?

తీసుకోవచ్చు, ఎవరూ ఆపరు. కానీ ఎప్పుడు తీశారన్న దాన్నిబట్టి చేతికొచ్చేది బాగా మారుతుంది. ఇందాకటి కుర్రాడితోనే చూద్దాం. ఏటా 6,600 కట్టాడు, కంపెనీ 3,300 వేసింది. కొన్నేళ్లకు పెరుగుదలతో కలిపి ఖాతాలో 60,000 డాలర్లు అయ్యాయి. 2020 డిసెంబరులో వెళ్లినవాడు 2026 డిసెంబరులో రేణిగుంటలో దిగాడు.

మొదటి దారి: దిగేముందే, 2026లోనే మొత్తం తీశాడు. ఆ ఏడాది జీతం ఎలాగూ ఉంది కాబట్టి ఈ 60,000 దాని మీద పడి 22, 24 శాతం శ్లాబుల్లోకి వెళ్తుంది. ట్యాక్స్ సుమారు 14,000, పెనాల్టీ 6,000, మొత్తం 20,000 డాలర్లు పోతాయి. అతను ఉన్నది కాలిఫోర్నియా లాంటి చోట అయితే రాష్ట్రం ట్యాక్స్, దాని సొంత పెనాల్టీ అదనం.

రెండో దారి: తిరుపతికి వచ్చేశాక, 2027లో ఒకేసారి తీశాడు. అప్పటికి అతను అమెరికాకు నాన్‌రెసిడెంట్. నాన్‌రెసిడెంటుకు స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు, అయినా శ్లాబులు కింది నుంచి మొదలవుతాయి. మొదటి 12,400కి 10 శాతం, అక్కడి నుంచి 50,400 దాకా 12 శాతం, మిగతాదానికి 22. ట్యాక్స్ 7,912, పెనాల్టీ 6,000, కలిపి దాదాపు 13,900.

మూడో దారి: 2027లో 30,000, 2028లో 30,000 తీశాడు. ఒక్కో ఏడాదికి ట్యాక్స్ 3,352, పెనాల్టీ 3,000. రెండేళ్లకు కలిపి సుమారు 12,700. (రెండేళ్లకూ 2026 శ్లాబులే వేశాను. ఏటా అవి కొంచెం పైకి జరుగుతాయి కాబట్టి అసలు ట్యాక్స్ ఇంకొంచెం తక్కువే ఉంటుంది.)

ఓపిక పట్టి రెండు ముక్కలుగా తీసినందుకు ఏడు వేల డాలర్లకు పైగా మిగిలింది. ఇంకో మంచి సంగతి, అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మీరు ఒక రాష్ట్రం వదిలి వెళ్లిపోయాక ఆ రాష్ట్రం మీ రిటైర్‌మెంట్ ఖాతా డబ్బు మీద ట్యాక్స్ వేయడానికి వీల్లేదు.

ఒక్కటి గుర్తుంచుకోవాలి. నాన్‌రెసిడెంటుగా తీసినప్పుడు ఖాతా నడిపే సంస్థ లెక్కలేమీ చూడకుండా 30 శాతం ముందే కోసుకుంటుంది. 30,000 తీస్తే చేతికి 21,000 వస్తుంది. ఆ 9,000 చూసి గుండె ఆగినంత పని అవుతుంది చాలామందికి. కట్టాల్సింది 6,352 మాత్రమే. మరుసటి ఏడాది 1042-ఎస్ అనే కాగితం పంపిస్తారు, దాన్ని పెట్టి 1040-ఎన్‌ఆర్ రిటర్న్ వేస్తే మిగతా 2,648 వెనక్కి వస్తుంది. రిటర్న్ వేయకుండా 30 శాతం పోయిందిలే అని వదిలేసేవాళ్లు ఉన్నారు. అది ఊరికే పారబోసుకోవడమే.

మరి ఇండియాలో ఆ డబ్బు మీద మళ్లీ ట్యాక్స్ వేయరా?

వచ్చిన కొత్తలో వేయరు. దీనికి మన చట్టంలో ఒక మధ్యస్థాయి ఉంది: రెసిడెంట్ అయినా ‘నాట్ ఆర్డినరీ’. ఆర్‌ఎన్‌ఓఆర్ అంటారు. ఈ స్థాయిలో ఉన్నంతకాలం విదేశంలో పుట్టిన ఆదాయానికి ఇక్కడ ట్యాక్స్ ఉండదు. దీనికి రెండు పరీక్షలున్నాయి, ఒకటి పాసైతే చాలు. గత 10 ఏళ్లలో 9 ఏళ్లు నాన్‌రెసిడెంట్ అయి ఉండాలి, లేదా గత 7 ఏళ్లలో ఇండియాలో ఉన్న రోజులు 729కి మించకూడదు.

ఆరేళ్లే ఉండి వచ్చిన మన కుర్రాడు మొదటి పరీక్ష పాసవడు, రెండోది పాసవుతాడు. ఆరేళ్లలో సెలవులకు వచ్చిన రోజులు మొత్తం ఓ 120 అనుకుందాం. 2028 ఏప్రిల్ నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి వెనక్కి ఏడేళ్లు చూస్తే: ఆ 120, తిరిగొచ్చిన శీతాకాలం నుంచి మార్చి దాకా ఓ 110, ఆ తర్వాత పూర్తి ఏడాది 366. మొత్తం 600 లోపే. ఆర్‌ఎన్‌ఓఆర్ నిలిచింది. 2029 ఏప్రిల్‌కి వచ్చేసరికి ఇంకో పూర్తి ఏడాది కలుస్తుంది. రెండు పూర్తి సంవత్సరాలే 731 రోజులు, ఇక దాటిపోయినట్టే. కాబట్టి 2027లో ఒక ముక్క, 2028లో ఒక ముక్క తీస్తే రెండూ ఈ రక్షణలోనే పడతాయి. అమెరికా ఏడాది జనవరితో, మన ఏడాది ఏప్రిల్‌తో మొదలవుతాయి కాబట్టి క్యాలెండరు ఎదురుగా పెట్టుకుని చూసుకోవాలి.

పాస్‌పోర్టు ముద్రలు తిరగేసి రోజులు లెక్కపెట్టుకోవడం కాస్త విసుగే. నాన్నకు బాగాలేదని రెండు నెలలు ఉండిపోయిన సెలవు, కోవిడ్‌లో ఇక్కడి నుంచే పనిచేసిన నెలలు, అన్నీ ఆ 729లోకి వస్తాయి. పాత పాస్‌పోర్టు పారేయకండి.

డబ్బు నేరుగా తిరుపతి బ్యాంకులోకి వేయించుకోవద్దు. ముందు అమెరికా బ్యాంకు ఖాతాలో పడనిచ్చి, తర్వాత మీరే పంపించుకోండి. విదేశీ ఆదాయమైనా మొదటిసారి ఇండియాలోనే అందుకుంటే దానికి మినహాయింపు వర్తించదు.

తీయకుండా అక్కడే వదిలేస్తే ఏమవుతుంది?

ఏమీ కాదు, పెరుగుతూ ఉంటుంది. ఉద్యోగం, వీసా రెండూ పోయినా ఖాతా మీదే. 7,000 డాలర్ల లోపు నిల్వ ఉంటే మాత్రం పాత కంపెనీ మిమ్మల్ని ప్లాన్‌లోంచి బయటికి పంపొచ్చు: 1,000 దాటితే ఐఆర్‌ఏ అనే సొంత రిటైర్‌మెంట్ ఖాతాకు మార్చేస్తుంది, 1,000 లోపైతే చెక్కు పంపించేస్తుంది. ఆ చెక్కు మీరెప్పుడో ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్‌కు వెళ్తుంది.

నలభై దాటినవాళ్లకూ, ఇక్కడికి వచ్చాక డబ్బు అవసరం లేనివాళ్లకూ నేను ఈ దారే చెబుతాను. 59 ఏళ్ల 6 నెలల తర్వాత పెనాల్టీ ఉండదు. పైగా ఇండియా, అమెరికా పన్ను ఒప్పందంలో 20వ అధికరణం ప్రకారం, నెలనెలానో ఏటేటానో క్రమంగా వచ్చే ప్రైవేటు పెన్షన్ మీద ట్యాక్స్ వేసే హక్కు మీరు నివసించే దేశానికే ఉంటుంది. తిరుపతిలో ఉన్నవాళ్లకు అది ఇండియా. ఒకేసారి తీసేసిన మొత్తాన్ని ఒప్పందం పెన్షన్‌గా చూడదు, క్రమంగా వచ్చేదే చూస్తుంది.

ఆర్‌ఎన్‌ఓఆర్ గడువు అయిపోయాక ఇక్కడ రెండు పనులు మాత్రం తప్పవు. ఒకటి, 401కె లోపల ఏటా పెరిగే ఆదాయానికి ఇండియా ఏటా ట్యాక్స్ అడగకుండా చూసుకోవడం. దీనికోసమే 2021లో ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 89ఏ పెట్టారు. అమెరికా, బ్రిటన్, కెనడా ఖాతాలకు అది వర్తిస్తుంది. రిటర్న్ గడువు లోపల ఫారం 10-ఈఈ వేస్తే, అక్కడ తీసినప్పుడే ఇక్కడా ట్యాక్స్ పడుతుంది. ఒకసారి ఎంచుకుంటే వెనక్కి తీసుకోవడం కుదరదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి, కాబట్టి మీ ఆడిటర్ దగ్గర పాత నంబరు, కొత్త నంబరు రెండూ సరిచూసుకోండి.

రెండోది, రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో ఈ ఖాతా చూపించడం. ఆదాయం సున్నా అయినా చూపించాలి. దాచితే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు అన్నీ కలిపి 20 లక్షల రూపాయలు దాటకపోతే 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానా వర్తించదు. కానీ 60,000 డాలర్లంటే ఆ గీత ఎప్పుడో దాటిపోయారు.

అమెరికాలో ఉండగా ఇక్కడ ఎస్‌ఐపీ వేసుకుంటే మేలు కదా? ఎలాగూ తిరిగొచ్చేదే.

ఈ సలహా బంధువుల్లో ఎవరో ఒకరు ఇస్తారు, మంచి మనసుతోనే. కానీ అమెరికా పన్ను చట్టం దృష్టిలో ఇండియా మ్యూచువల్ ఫండ్ అంటే పీఎఫ్ఐసీ, అంటే కఠినమైన పన్ను నియమాలున్న విదేశీ పెట్టుబడి సంస్థ. అక్కడ రెసిడెంటుగా పన్ను కట్టేవాళ్లు వాటిని మామూలుగా అమ్మితే, వచ్చిన లాభాన్ని మీరు పట్టి ఉంచుకున్న ఏళ్లన్నిటికీ పంచి, గడిచిన ఏళ్ల వాటా మీద గరిష్ఠ రేటు, అంటే ఇప్పుడు 37 శాతం వేసి, దానికి వడ్డీ కూడా కలుపుతారు. మీ అసలు శ్లాబు 22 అయినా సరే. ఫండుకు ఒకటి చొప్పున ఫారం 8621 వేయాలి. ఒక్కో ఫారానికి అక్కడి ప్రిపేరర్లు వసూలు చేసే ఫీజు కొందరికి ఎస్‌ఐపీ లాభం కంటే ఎక్కువ అవుతుంది.

చదువుకోవడానికి ఎఫ్‌-1 మీద వెళ్లినవాళ్లు మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాలు సాధారణంగా నాన్‌రెసిడెంట్లే కాబట్టి వాళ్లకు ఇది తగలదు. పాత ఫండ్లు ఉంటే ఆ గడువులోనే అమ్మేసుకుంటే తలనొప్పి ఉండదు. ఇండియా షేర్లను నేరుగా కొనుక్కుంటే సాధారణంగా ఈ సమస్య రాదు. అయినా స్టాక్ మార్కెట్టు మీద అంత ఇష్టముంటే అక్కడి ఇండెక్స్ ఫండ్లే కొనుక్కుని, తిరిగొచ్చాక ఇక్కడ ఎస్‌ఐపీ మొదలుపెట్టడం మేలు.

ఎన్‌ఆర్‌ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీకి ట్యాక్స్ లేదని బ్యాంకు మేనేజరు చెప్పాడు.

ఆయన చెప్పింది ఇండియా వరకు నిజం. అమెరికాలో ఆ వడ్డీకి ట్యాక్స్ ఉంది. లక్ష రూపాయల వడ్డీ వస్తే 22 శాతం శ్లాబులో ఉన్నవాడు 22 వేలు అక్కడ కట్టాలి. ఇక్కడ ట్యాక్స్ కట్టలేదు కాబట్టి తగ్గించుకోవడానికీ ఏమీ ఉండదు. రెండు మూడేళ్లలో ఇల్లు మొదలుపెట్టే ఆలోచన ఉంటే ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ మంచిదే, రిటైర్‌మెంటుకు ఇరవై ఏళ్లు దాచడానికి కాదు. తిరిగొచ్చాక బ్యాంకుకు చెప్పి దాన్ని రెసిడెంట్ ఖాతాగా మార్పించుకోవాలి, లేదా డాలర్లలోనే ఉంచాలనుకుంటే ఆర్‌ఎఫ్‌సీ ఖాతాకు మార్చుకోవచ్చు.

మా అబ్బాయి పేరు మా జాయింట్ డిపాజిట్‌లో ఉంది. డబ్బు మాది, వాడిది కాదు. దానికీ లెక్క చెప్పాలా?

చిత్తూరు నుంచి ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా డిపాజిట్ వేసి, తనకేమైనా అయితే కొడుకు ఇబ్బంది పడకూడదని బాండ్ మీద ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ రాయించారు. చెప్పాలి సార్. ఎఫ్‌బార్ అనే నివేదిక ఉంది. అమెరికా బయట మీ అబ్బాయి పేరున్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఫిన్‌సెన్ ఫారం 114 వేయాలి. డబ్బు ఎవరిదన్నది అక్కడ ప్రశ్న కాదు, పేరుందా లేదా అన్నదే. ట్యాక్స్ ఏమీ పడదు, చెప్పడమే. ఏప్రిల్ 15 గడువు, అది దాటినా అక్టోబరు 15 దాకా దానంతటదే పొడిగిస్తారు.

వారసత్వమే మీ ఉద్దేశమైతే వాడి పేరు జాయింట్‌లో కాకుండా నామినీగా పెట్టండి. నామినీకి ఈ బాధ లేదు.

మామిడి తోట కొంటే రిటైరయ్యాక అదే చూసుకుంటుంది కదా?

ఎన్‌ఆర్‌ఐగా ఉన్నంతకాలం వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి ఫెమా నిబంధనలు ఒప్పుకోవు. తాతల నాటి తోట వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, కొత్తది కొనకూడదు. ‘నాన్న పేరున కొని తర్వాత మార్చుకుందాం’ అని డబ్బు పంపేవాళ్లున్నారు. నాన్నకు నిజంగా ఇచ్చేస్తే అది నాన్నదే, రేపు తోబుట్టువులకూ వాటా ఉంటుంది. పేరుకు నాన్నది, అసలు నాది అంటే బినామీ చిక్కులు వస్తాయి. ఇళ్లస్థలం కొనుక్కోవచ్చు, తుడా అనుమతి ఉన్న లేఅవుటేనా అని చూసుకుని. తొండవాడ వైపో రేణిగుంట వైపో ఒక ప్లాటు ఉండటం మంచిదే కానీ, డెబ్బై ఏళ్ల వయసులో నెల ఖర్చుకు ప్లాటులో నాలుగు గజాలు కోసి అమ్ముకోలేం.

సోషల్ సెక్యూరిటీ కింద ప్రతి జీతంలో కోస్తున్నారు. అది పోయినట్టేనా?

40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల పని పూర్తయితే పోదు. తిరిగొచ్చాక కూడా పెన్షన్‌గా అడగొచ్చు. ఇండియాకూ అమెరికాకూ ఈ విషయంలో ఒప్పందం లేదు కాబట్టి ఇక్కడి పీఎఫ్ ఏళ్లు అక్కడ కలవవు. తొమ్మిదో ఏడాదిలో తిరిగొచ్చే ఆలోచన ఉంటే ఈ ఒక్క లెక్క కోసమైనా తేదీ జరుపుకోవడం మేలు.

రాత్ ఖాతా సంగతి?

తిరిగొచ్చే అవకాశం ఎక్కువుంటే నేను వద్దంటాను. రాత్‌లో ఇప్పుడే ట్యాక్స్ కట్టేసి, తీసేటప్పుడు కట్టరు. సెక్షన్ 89ఏ మాత్రం ‘తీసేటప్పుడు ఆ దేశం పన్ను వేసే’ ఖాతాల గురించే మాట్లాడుతుంది. అమెరికాలో 22 శాతం కట్టి పెట్టిన డబ్బు, ఇక్కడికి వచ్చాక మళ్లీ వాదనలో పడటం దేనికి?

ఇక్కడికి వచ్చాక నాకేమైనా అయితే మా ఆవిడకు ఆ డబ్బు అందుతుందా?

అందుతుంది, కానీ ఎంత అన్నదే అసలు ప్రశ్న. ఇది చాలామందికి ఎవరూ చెప్పరు. అమెరికా పౌరుడు కాకుండా, అక్కడ స్థిరనివాసం లేకుండా చనిపోయినవాళ్ల అమెరికా ఆస్తుల మీద ఎస్టేట్ ట్యాక్స్ ఉంది. మినహాయింపు 60,000 డాలర్లే. అక్కడి వాళ్లకున్న కోట్ల మినహాయింపు మనకు లేదు, ఇండియాతో ఎస్టేట్ ట్యాక్స్ ఒప్పందమూ లేదు. భార్య కూడా అమెరికా పౌరురాలు కాకపోతే భార్యకు వెళ్లిందన్న మినహాయింపు మామూలుగా దొరకదు.

2,00,000 డాలర్లు 401కెలో వదిలేసి వచ్చినవాడు చనిపోతే, తగ్గింపులేమీ లేవనుకుంటే, ఎస్టేట్ ట్యాక్స్ పట్టిక ప్రకారం ట్యాక్స్ 54,800. 60,000 మినహాయింపు కింద ఇచ్చే 13,000 క్రెడిట్ అందులోంచి తీసేస్తే 41,800 కట్టాలి. ఇది మామూలు ఆదాయపు పన్ను కాకుండా. తొమ్మిది నెలల్లో 706-ఎన్‌ఏ అనే ఎస్టేట్ ట్యాక్స్ రిటర్న్ వేయాలి, ఆ తర్వాతే సంస్థలు సాధారణంగా డబ్బు కదలనిస్తాయి.

అందుకే 60,000 దాటిన నిల్వలు ఉన్నవాళ్లు ఆర్‌ఎన్‌ఓఆర్ ఏళ్లలో కొంత తీసి తగ్గించుకోవడం గురించి ఆలోచించాలి, మిగతాదానికి సరిపడా టర్మ్ ఇన్సూరెన్సు ఉంచుకోవాలి. అమెరికా బ్యాంకు సేవింగ్స్‌లో ఉన్న డబ్బు ఈ లెక్కలోకి రాదు, 401కె, ఐఆర్‌ఏ, అక్కడి షేర్లు వస్తాయి.

లబ్ధిదారు పేరు కూడా చూసుకోండి. 401కెలో పెళ్లయ్యాక సాధారణంగా భార్యకే హక్కు, ఆమె సంతకంతో ఒప్పుకుంటే తప్ప. ఐఆర్‌ఏకు ఆ నియమం లేదు. బ్రహ్మచారిగా ఉన్నప్పుడు నాన్న పేరు రాసి మర్చిపోయినవాళ్లు, నాన్న పోయాక కూడా మార్చకుండా ఉన్నవాళ్లు కనిపిస్తూనే ఉంటారు.

బయలుదేరేముందు ఏమేం సర్దుకోవాలి?

పాత కంపెనీ ప్లాన్‌లో ఉంచడం ఇష్టం లేకపోతే, ఐఆర్‌ఏ అమెరికాలో ఉండగానే తెరవండి. విదేశీ చిరునామాతో కొత్త ఖాతా ఇవ్వని సంస్థలు చాలా ఉన్నాయి. డబ్బు నేరుగా సంస్థ నుంచి సంస్థకే మారాలి. చెక్కు మీ పేరున తీసుకుంటే 20 శాతం పట్టుకుంటారు, మొత్తాన్ని 60 రోజుల్లో కొత్త ఖాతాలో వేయకపోతే తీసుకున్నట్టే లెక్క.

ఇండియా చిరునామా ఇచ్చి, ఇప్పుడు అమెరికాకు నాన్‌రెసిడెంటునని చెప్పే డబ్ల్యూ-8బెన్ ఫారం మీద సంతకం చేయండి. పాత డబ్ల్యూ-9 అలాగే ఉంటే మీరింకా అక్కడే ఉన్నారనుకుని తప్పుగా కోస్తారు, తర్వాత సరిచేయించుకోవడం పెద్ద పని. అమెరికా బ్యాంకు ఖాతా ఒకటి మూయకుండా ఉంచుకోండి, రిఫండు వచ్చేది అందులోకే.

అన్నిటికంటే ఎక్కువమందిని ఇరికించేది ఫోన్ నంబరు. ఓటీపీ పాత అమెరికా నంబరుకు వెళ్తుంది, ఆ సిమ్ మూడు నెలల క్రితమే రద్దయి ఉంటుంది. కస్టమర్ కేర్‌కు తిరుపతి నుంచి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, గంటసేపు లైన్లో ఉంటే, వాళ్లు అడిగేది ‘మీ రిజిస్టర్డ్ నంబరుకు కోడ్ పంపాము, చెప్పండి’. విమానం ఎక్కేముందే ఖాతాకు ఆథెంటికేటర్ యాప్ జోడించండి, ఆ నంబరును చవక ప్లాన్‌లోకి మార్చి ఇక్కడ వైఫై మీద మెసేజీలు వస్తున్నాయో లేదో చూసుకోండి. కంపెనీ మెయిల్ ఐడీతో తెరిచిన ఖాతా అయితే ఆఖరి పనిరోజుకు ముందే సొంత మెయిల్‌కు మార్చండి. ఆ సాయంత్రానికే ఆఫీసు మెయిల్ మూసేస్తారు.